ముక్కూ మొహం తెల్వనోళ్లకు మెయిల్ రాసుడెట్ల?

"ఆ కంపెనీల మనోడెవడన్న ఉన్నడా?" కొలువు మారాలనుకునేటోళ్లు ముందుగాల అడిగే మాట ఇదే. మేనమామో, బాబాయో హైటెక్ సిటీల కూసున్నోళ్లకు జవాబు దొరుకుతది. ఇంట్ల మొదటిసారి డిగ్రీ చదివిన పిల్లలకు ఎక్కడ దొరకాలె? దూరపు పరిచయాలను వాళ్లే తయారు చేసుకోవాలె.

1973ల అమెరికా సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ చెప్పింది కూడా ఇదే. కొత్త కొలువు కబురు దగ్గరోళ్ల కంటే అంతంతమాత్రం పరిచయమున్నోళ్ల నుంచి వచ్చే అవకాశం ఎక్కువ. మన దగ్గరోళ్లకు తెలిసింది మనకూ ముందే తెలిసి ఉంటది కదా.

మా బస్తీ ఆడబిడ్డ ఒకామె చిన్న కంపెనీల రెండేండ్ల సంది మాన్యువల్ టెస్టింగ్ చేస్తున్నది. ఆటోమేషన్ దిక్కు పోదామని నలభై మందికి ఒకటే మెయిల్ కొట్టింది. "గౌరవనీయులైన సార్, రెజ్యూమె జతపరిచాను, ఉద్యోగం ఇప్పించగలరు" అని. ఒక్కరు పలుకలే. తప్పు ఆమె ఇంగ్లీషుది కాదు. మొహం చూడని మనిషికి పూచీ పడుమని అడిగింది, అదీ అందరికి ఒకే మాటతోని. చదివేటోళ్లు ఒక్క చూపుల పసిగడతరు.

రెండోసారి ఒక్కరినే ఎంచుకున్నది. లింక్డిన్‌ల చూస్తే ఆ మనిషి కూడా మాన్యువల్ నుంచే ఆటోమేషన్‌కు మారింది. రాసింది ఇంగ్లీషులనే, తెలుగుల చెప్తే ఇట్లుంటది:

"విషయం: మాన్యువల్ నుంచి ఆటోమేషన్‌కు మారుడు – 15 నిమిషాల మాట.
మేడమ్, నేను రెండేండ్లుగా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు మాన్యువల్ టెస్టింగ్ చేస్తున్న. మీరు మూడేండ్ల తర్వాత ఆటోమేషన్‌కు మారినట్టు మీ ప్రొఫైల్‌ల చూసిన. ముందు జావా నేర్వాలెనా, సెలీనియం పట్టాలెనా అన్నకాడ ఆగిపోయిన. వచ్చే వారం మీకు వీలైన రోజు 15 నిమిషాలు ఫోన్ల మాట్లాడుతరా? తీరిక లేకపోతే ఒక లైన్ జవాబైనా చాలు."

ఇందుల నాలుగే ఉన్నయి: నేనెవరు, మీరే ఎందుకు, నా ప్రశ్న ఏంది, ఎంత టైమ్ కావాలె. రెజ్యూమె లేదు, కొలువు మాట లేదు. కాదనేటందుకు తోవ కూడ ఇడిచిపెట్టింది.

వారం దాక జవాబు రాలే. అదే మెయిల్ కింద రెండు లైన్లు గుర్తు చేసింది. అట్ల ఒక్కసారే చెయ్యాలె. మళ్ల రాకపోతే వదిలేసి ఇంకొకరికి రాయాలె. ఈమెకు మాత్రం ఫోన్ వచ్చింది. "ముందు జావా మొదటి మెట్లు ఎక్కు. తర్వాత ఏదన్న డెమో సైట్ మీద పది టెస్టులు సెలీనియంల రాసి గిట్‌హబ్‌ల పెట్టు, మీ కంపెనీ కోడ్ మాత్రం పెట్టకు" అన్నదట ఆ మేడమ్.

పదిహేను నిమిషాలు కాంగనే ఈమెనే "టైమైంది మేడమ్" అని ముగించింది, ఆ పొద్దే థాంక్స్ రాసింది. రెండు నెలలకు ఆ పది టెస్టుల లింకు పంపింది. రెఫరల్ సంగతి అప్పుడు ఆ మేడమే ఎత్తింది. ఎందుకంటే ఇప్పుడు పూచీ పడెతందుకు ఆమె చేతిల ఒక పని ఉన్నది, ఉత్త కాయితం కాదు.