ఎనిమిది కప్పులు, డెబ్బై రకాలు

1920లలో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త ఉండేవారు. కప్పులో ముందు పాలు పోశారో, టీ పోశారో రుచి చూసి చెప్పేస్తానన్నారు ఆవిడ. పాలూ టీపొడీ కలిపి మరిగించుకునే మనకు ఇదో విడ్డూరం. అక్కడే పనిచేసే గణాంకవేత్త రొనాల్డ్ ఫిషర్ మాత్రం, 1935లో రాసిన పుస్తకంలో ఈ టీ సంగతినే పరీక్షగా మలిచాడు.

ఎనిమిది కప్పులు. నాలుగింట్లో ముందు పాలు, నాలుగింట్లో ముందు టీ. ఆ సంగతి ఆమెకు చెప్పి, వరస కలగాపులగం చేసి ఇస్తారు. ‘పాలు ముందు’ అనిపించిన నాలుగు ఆమె ఏరాలి. అసలు నిజాన్ని అడ్డంగా, ఆమె మాటను నిలువుగా రాస్తే నాలుగు గళ్ల పట్టిక. అన్నీ సరిగ్గా చెబితే గళ్లలో 4, 0, 0, 4 పడతాయి.

కళ్లు మూసుకుని ఏరినా ఇలా కుదరవచ్చు కదా? ఎనిమిదిలోంచి నాలుగు ఏరడానికి 70 రకాలున్నాయి. నాలుగూ సరిపోయేది ఒక్క రకంలోనే. మూడు సరిపోయేవి 16, రెండు సరిపోయేవి 36, ఒకటి సరిపోయేవి 16, ఒక్కటీ సరిపోనిది 1. అన్నీ తప్పు చెప్పినా ఆమెకు తేడా తెలిసినట్టే, పేర్లు తారుమారు చేసిందంతే. కాబట్టి రెండు కొసలూ కలిపితే 70కి 2, అంటే 0.029. ఫిషర్ పరీక్ష ఇంతే. అంచనాలేమీ లేవు, ఒట్టి లెక్కింపు.

ఇదే పట్టికను కై-స్క్వేర్‌కు ఇస్తే విలువ 8 వస్తుంది, దానికి సంభావ్యత 0.005. అసలు లెక్కలో ఆరో వంతు! సాక్ష్యం లేనంత బలంగా కనిపిస్తుంది. మూడే సరిగ్గా చెబితే కై-స్క్వేర్ 0.16 అంటుంది, నిజానికది 34/70, దాదాపు 0.49.

తప్పు ఎక్కడుంది? కై-స్క్వేర్ సంభావ్యతను నున్నటి వక్రరేఖ నుంచి చదువుతుంది. కప్పులు వందల్లో ఉంటే సాధ్యమైన విలువలు దగ్గరదగ్గరగా పడి ఆ రేఖకు ఒదుగుతాయి. ఇక్కడ సాధ్యమైన విలువలు మూడే: 0, 2, 8. మూడు మెట్ల మీద నున్నటి తివాచీ పరిస్తే మెట్లు పోతాయా? అందుకే ఏ గడిలోనైనా ‘ఆశించిన’ సంఖ్య 5 కంటే తక్కువైతే కై-స్క్వేర్ జోలికి వెళ్లొద్దంటారు. గళ్లలో పడిన సంఖ్య కాదు, ఆశించినది. ఇక్కడ ప్రతి గడికీ అది 2.

ఫిషర్ పద్ధతికీ ఇబ్బంది ఉంది. టీ పరీక్షలో అడ్డం, నిలువు మొత్తాలు రెండూ ముందే ఖాయం. మందుల పరీక్షలో ఎంతమందికి నయమవుతుందో ఎవరూ ఖాయం చేయలేరు. అలాంటిచోట ఈ పద్ధతి అతి జాగ్రత్తగా ఉండి, నిజమైన తేడాను కూడా వదిలేయవచ్చు. మరీ తక్కువ కప్పులైతే ఫలితం ముందే తేలిపోతుంది: ఆరు కప్పులకు 20 రకాలే కనుక, ఆరూ సరిగ్గా చెప్పినా 2/20, అంటే 0.1. వాడుకలో ఉన్న 0.05 గీతను ఎంత మంచి నాలుక ఉన్నా దాటలేరు.