అల్పదృష్టి గల విద్యార్థికి పెద్ద అక్షరాల పునశ్చరణ పత్రాలు

కళ్ళజోడు పెట్టినా, చికిత్స చేయించినా మెరుగైన కంటి చూపు 6/18 కన్నా తక్కువగా నిలిచిపోతే దానిని అల్పదృష్టి అంటారు. ఇది అంధత్వం కాదు. మిగిలిన చూపుతో చదువుకోవచ్చు. అయితే పుస్తకం ఆ చూపుకు తగినట్లుగా ఉండాలి. మా టేకులపల్లిలో పదవ తరగతి చదువుతున్న ఒక బాలికకు నేను జీవశాస్త్ర పునశ్చరణ పత్రాలు తయారుచేసి ఇస్తున్నాను. ఆమెకు రెటీనా మధ్యభాగం దెబ్బతిన్నది. ఆ విధానాన్ని పాఠకులకు వివరిస్తాను.

మొదట నిర్ణయించవలసినది అక్షర పరిమాణం. సమానమైన కష్టం గల చిన్న వాక్యాలను 14, 18, 24, 30 పాయింట్లలో అచ్చు తీయించి, విద్యార్థి తనకు అలవాటైన దూరంలో పట్టుకొని బిగ్గరగా చదవమనాలి. ఈ బాలిక 18లో తడబడింది, 24లో ధారాళంగా చదివింది, 30లో అంతకన్నా వేగం పెరగలేదు. కనుక 24 చాలు. అనవసరంగా పెంచితే పంక్తికి రెండు మూడు మాటలే పట్టి, వాక్యార్థం చెదరిపోతుంది. రెటీనా అంచులు దెబ్బతిని, గొట్టంలోంచి చూసినట్లు మాత్రమే కనిపించేవారికి పెద్ద అక్షరం మేలుకు బదులు కీడే చేస్తుంది. వారికి చిన్న అక్షరమే స్పష్టమైన నలుపులో ఉండాలి. అందువల్ల ఈ పరీక్ష ప్రతి ఒక్కరికీ విడిగా జరపాలి.

పాఠ్యపుస్తకాన్ని జిరాక్స్‌లో పెద్దది చేయిస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. ఎ4 పుటను ఎ3కి పెంచితే 12 పాయింట్ల అక్షరం సుమారు 17 మాత్రమే అవుతుంది. పైగా రంగు బొమ్మలు బూడిద రంగు మరకలుగా మారతాయి.

తెలుగు లిపికి మరొక జాగ్రత్త కావాలి. మన ఒత్తులు పంక్తి కిందికి, గుడులు పైకి సాగుతాయి. పంక్తులు దగ్గరైతే పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడిని తాకి, 'బృహద్ధమని' వంటి మాట ముద్దగా కనిపిస్తుంది. కాబట్టి పంక్తుల మధ్య దూరం ఒకటిన్నర రెట్లు ఉంచి, సమాన మందం గల అక్షరాలనే వాడాలి. మెరుపు లేని లేత గోధుమరంగు కాగితంపై చిక్కని నలుపు మంచిది. ఈ కొలతతో ఎ4 పుటలో సుమారు 18 పంక్తులే పడతాయి. కనుక పాఠమంతా కాక, పుటకు ఒక్క భావం మాత్రమే వ్రాయాలి.

ఇక అమరిక. చూపు బాగున్నవారు పుటను ఒక్కసారిగా చూస్తారు. అల్పదృష్టి గలవారు ముక్కముక్కలుగా వెతుక్కుంటారు. అందుచేత ప్రతి పుటలోనూ పై ఎడమ మూలన శీర్షిక, కుడి మూలన పుట సంఖ్య, తరువాత నిర్వచనం, నడుమ బొమ్మ, అడుగున రెండు ప్రశ్నలు ఒకే చోట ఉంచాలి. రెండు మూడు పుటలకే చేయి తనంతట తాను అక్కడికి వెళుతుంది.

గుండె బొమ్మను ఇలా మార్చాను. మందమైన నల్లని గీతతో నాలుగు గదులు గీశాను. కుడి భాగం బొమ్మలో మనకు ఎడమవైపున వస్తుందని పైన వ్రాశాను. ఎడమ జఠరిక గోడను మాత్రం ఎక్కువ మందంగా గీశాను. అది అలంకారం కాదు, పాఠ్యాంశమే. బొమ్మ మీదుగా గీతలు లాగి పేర్లు వ్రాయలేదు. అంకెలు వేసి, పక్కన జాబితా ఇచ్చాను: 1 మహాసిరలు, 2 కుడి కర్ణిక, 3 కుడి జఠరిక, 4 పుపుస ధమని, 5 పుపుస సిరలు, 6 ఎడమ కర్ణిక, 7 ఎడమ జఠరిక, 8 బృహద్ధమని. అంకెల వరుసే రక్తం నడిచే దారి. ఎరుపు, నీలం రంగుల తేడా ఆమెకు తెలియదు గనుక, ఆక్సిజన్ తక్కువ గల రక్తానికి తెగిన బాణాలు, ఎక్కువ గల దానికి నిండు బాణాలు పెట్టాను. కవాటాలకు వేరొక పుట కేటాయించాను.

పత్రం సరిగా ఉన్నదో లేదో చదివేటప్పుడే తెలుస్తుంది. వేలు పంక్తి తప్పితే పంక్తుల దూరం చాలదు. పావుగంటకే తలనొప్పి, కళ్ళలో నీరు వస్తే వెలుగునో, అక్షర పరిమాణాన్నో సవరించాలి. దీపం వెలుగు పక్కనుంచి కాగితంపై పడాలి, కళ్ళలో పడకూడదు. చివరగా పాఠ్యపుస్తకంలోని అసలు బొమ్మను కూడా పెద్దదిగా చూపించి, అంకెలను దానిపై గుర్తింపజేయాలి. పరీక్షలో వచ్చేది ఆ రూపమే. ప్రశ్నపత్రం అక్షరాల విషయం ప్రధానోపాధ్యాయునితో ముందే మాట్లాడుకోవాలి.

మరొక మాట. 'ఎ' విటమిన్ లోపం వల్ల కలిగే రేచీకటి తగిన చికిత్సతో, ఆహారంతో నయమవుతుంది; వంశపారంపర్యంగా వచ్చే రెటీనా జబ్బులు ఆకుకూరలతోగాని, త్రిఫలతోగాని వెనుకకు మళ్ళవు. తేనె, ఆకుపసరులు కంట్లో వేయడం ప్రమాదకరం. హైదరాబాదులో 1987లో స్థాపితమైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో అల్పదృష్టి వారికి ప్రత్యేక విభాగం ఉన్నది. నిన్నటి వరకు చదవగలిగిన అక్షరం నేడు హఠాత్తుగా కనబడకపోతే, అక్షరాన్ని పెంచుతూ కూర్చోక వెంటనే కంటి వైద్యుని చూడాలి.