కణుపు నుంచి కణుపుకు

కాలి బొటనవేలు గడపకు కొట్టుకుంటే ముందు చురుక్కుమంటుంది. ఒక్క క్షణం ఆగి సలుపు మొదలవుతుంది. దెబ్బ ఒకటే అయినా కబురు రెండు దారుల్లో వస్తుంది. చురుకును తెచ్చే నరం పోగులకు పలుచటి మైలిన్ తొడుగు ఉంటుంది, వాటి వేగం సెకనుకు 5 నుంచి 30 మీటర్లు. సలుపును తెచ్చే సన్నని పోగులకు ఆ తొడుగు ఉండదు. వాటి వేగం సెకనుకు ఇంచుమించు ఒక మీటరే.

నరం పోగును ఆక్సాన్ అంటారు. దాని పొరలో సోడియం ద్వారాలు తెరుచుకున్నప్పుడు సోడియం అయాన్లు లోపలికి దూసుకొస్తాయి, అక్కడ విద్యుత్ స్థితి తలకిందులవుతుంది. ఆ విద్యుత్తు పక్క భాగానికి పాకి అక్కడి ద్వారాలను తెరిపిస్తుంది. ఆక్సాన్ పొర చాలా పలుచన. దానికి రెండు వైపులా ఎదురెదురుగా పేరుకున్న ఆవేశాలను ముందు మార్చాలి, ఈలోగా కొంత విద్యుత్తు బయటికి కారిపోతుంది. తొడుగు లేని పోగులో ప్రతి చోటా ఇదే తంతు. ఆలస్యమంతా అందులోనే ఉంది.

ష్వాన్ కణం ఆక్సాన్ చుట్టూ పొర మీద పొరగా చుట్టుకుని మైలిన్ తొడుగు అవుతుంది. లోపలికీ బయటికీ మధ్య ఎడం పెరగడంతో మార్చాల్సిన ఆవేశం బాగా తగ్గుతుంది, కారడమూ తగ్గుతుంది. అందుకే విద్యుత్తు పెద్దగా నీరసించకుండా తర్వాతి ఖాళీ దాకా చేరుతుంది. పెద్ద పోగుల్లో ఈ ఖాళీలు దాదాపు మిల్లీమీటరుకొకటి ఉంటాయి. ఇవే రాన్వియర్ కణుపులు. సోడియం ద్వారాలు కిక్కిరిసి ఉండేది ఇక్కడే, సంకేతం మళ్లీ పూర్తి బలం పుంజుకునేదీ ఇక్కడే.

దీన్ని గెంతుడు ప్రసరణ అంటాం గానీ, సంకేతం ఒక కణుపులో ఆరిపోయాక మరోదానిలో వెలగదు. సెకనుకు 50 మీటర్ల వేగంలో కణుపుకూ కణుపుకూ మధ్య పట్టేది సెకనులో 50,000వ వంతు. ఒక్కో కణుపులో సంకేతం మిల్లీసెకను పాటు నిలిస్తే, ఒకే సమయంలో 50 కణుపులు పనిలో ఉన్నట్టే.

తొడుగు చెడిందేమో తెలుసుకోవడానికి నరాల పరీక్ష చేస్తారు. మణికట్టు దగ్గర కరెంటు తాకిస్తే బొటనవేలి కండరం 3.5 మిల్లీసెకన్లకు స్పందించిందనుకుందాం, మోచేయి దగ్గర తాకిస్తే 7.5కు. మధ్య దూరం 220 మిల్లీమీటర్లు, తేడా 4 మిల్లీసెకన్లు. అంటే సెకనుకు 55 మీటర్లు, బాగున్నట్టే. అదే తేడా 10 మిల్లీసెకన్లయితే వేగం 22కు పడిపోయింది, తొడుగును అనుమానించాలి.

తొడుగు బాగా ఊడితే సంకేతం దారిలోనే ఆగిపోవచ్చు. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్న కొందరికి వేడినీళ్ల స్నానం చేస్తే చూపు మసకబారేది ఇందుకే. వేడికి సోడియం ద్వారాలు త్వరగా మూసుకుంటాయి, అంతంతమాత్రంగా సరిపోతున్న విద్యుత్తు ఇక చాలదు. ఒళ్లు చల్లబడ్డాక చూపు మళ్లీ తేటపడుతుంది.