రెండు నిమిషాల ప్రసంగానికి ఒక్క పుస్తకం చాలు

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. ఆ రోజుల్లో బడి ప్రార్థన కాగానే ఎవరో ఒకరు పుస్తక పఠనం గురించి మాట్లాడాలి. పరీక్షలోనూ తరచూ కనిపించే ప్రశ్నే ఇది. చాలామంది ‘పుస్తకం హస్తభూషణం’తో మొదలుపెట్టి, విజ్ఞానం, వికాసం, ఏకాగ్రత అంటూ ప్రయోజనాల చిట్టా చదివి దిగిపోతారు. ఎండలో నిలబడ్డ పిల్లలకు ఒక్క ముక్కా గుర్తుండదు. అదే ఒక మనిషి, ఒక పుస్తకం, ఆ తర్వాత జరిగిన పని చెబితే వింటారు. ఈ నమూనా అలా రాసిందే:

“ప్రధానోపాధ్యాయుల వారికి, ఉపాధ్యాయులకు, తోటి విద్యార్థులకు నమస్కారం.

1904లో జొహానెస్‌బర్గ్‌లో ఒక వకీలు డర్బన్ వెళ్లే రైలెక్కాడు. సాగనంపడానికి వచ్చిన మిత్రుడు పోలక్ దారిలో చదువుకోమని ఒక పుస్తకం ఇచ్చాడు. జాన్ రస్కిన్ రాసిన ‘అన్‌టు దిస్ లాస్ట్’ అది. ఇరవై నాలుగు గంటల ప్రయాణం. మొదలుపెట్టాక ఆ వకీలు పుస్తకం పక్కన పెట్టలేకపోయాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయనే గాంధీజీ.

ఆ పుస్తకంలో ఆయనకు మూడు విషయాలు కనిపించాయి. అందరి మేలులోనే తన మేలుందన్నది ముందే తెలుసు. మంగలి పనికీ వకీలు పనికీ విలువ ఒకటేనన్నది లీలగా తెలుసు. ఒళ్లు వంచి పనిచేసే బతుకే బతుకన్నది మాత్రం అంతవరకూ తట్టనే లేదు. ఆ ఏడాదే డర్బన్ దగ్గర ఫీనిక్స్‌లో భూమి కొని, తన పత్రిక అచ్చుయంత్రాన్ని అక్కడికి మార్చి, అందరూ శ్రమ చేసే ఆశ్రమం పెట్టారు.

చదువుకునే రోజుల్లో పాఠ్యపుస్తకాలు దాటి దాదాపు ఏమీ చదవలేదని ఆయనే ఒప్పుకున్నారు. మనకు ఇంకా సమయం ఉంది. ఈ వారం మన బడి గ్రంథాలయం నుంచి ఒక్క పుస్తకం తీసుకెళ్దాం. నమస్కారం.”

ఇందులో గమనించాల్సింది ఆ మూడు విషయాల వరస. తెలిసినది, సగం తెలిసినది, అసలు తెలియనిది. పుస్తకం మనిషికి ఏం చేస్తుందో ఈ మూడు మెట్లలోనే అర్థమవుతుంది కాబట్టి విడిగా పొగడ్త అక్కర్లేదు. ‘ఒక్క పుస్తకంతో గాంధీజీ మహాత్ముడయ్యాడు’ అంటే మాత్రం అతి అవుతుంది. తన మనసులో నాటుకుని ఉన్న నమ్మకాలే అందులో కనిపించాయని ఆయన రాసుకున్నారు. పేపరు దిద్దే మాస్టారికి ఆ తేడా ఇట్టే తెలుస్తుంది.

మాట్లాడబోయేవాళ్లు నమూనాను బట్టీ పట్టకుండా అసలు కథనే ఒకసారి చదువుకోవాలి. గాంధీజీ ఆత్మకథ నాలుగో భాగం, పద్దెనిమిదో అధ్యాయంలో అది ఉంది. రెండు మూడు పేజీలే.