పాత ఫోన్ అమ్మేముందు ఆథెంటికేటర్ కోడ్‌లను మార్చుకోవడం

మొబైల్‌కు మెసేజ్‌గా వచ్చే ఓటీపీ, ఆథెంటికేటర్ యాప్‌లో కనిపించే ఆరంకెల కోడ్ చూడటానికి ఒకలాగే ఉంటాయి. కానీ ఓటీపీ సిమ్‌కు వస్తుంది. సిమ్ తీసి కొత్త ఫోన్‌లో వేస్తే ఓటీపీ కూడా అక్కడికే వస్తుంది. ఆథెంటికేటర్ కోడ్ ఎక్కడినుంచీ రాదు, ఫోన్‌లోనే తయారవుతుంది. ఖాతాకు రెండంచెల భద్రత పెట్టుకున్న రోజున స్కాన్ చేసిన క్యూఆర్ కోడ్‌లో ఒక సీక్రెట్ కీ ఉంటుంది. అదే కీ వెబ్‌సైటు దగ్గరా ఉంటుంది. ఆ కీనీ అప్పటి సమయాన్నీ కలిపి లెక్కకట్టి యాప్ సాధారణంగా 30 సెకన్లకొక కొత్త కోడ్ చూపిస్తుంది. అందుకే నెట్ లేకపోయినా, సిమ్ తీసేసినా కోడ్‌లు వస్తూనే ఉంటాయి. ఫోన్‌ను రీసెట్ చేస్తే మాత్రం ఆ కీ చెరిగిపోతుంది.

చాలామంది చిక్కుకునేది ఇక్కడే. పాత ఫోన్ నుంచి కొత్తదానికి ఫొటోలు, కాంటాక్టులు, యాప్‌లు అన్నీ కాపీ అవుతాయి. ఆథెంటికేటర్ గుర్తు కూడా తెరమీద కనిపిస్తుంది. అది చూసి కోడ్‌లూ వచ్చేశాయనుకుంటారు. తెరిచి చూస్తే లోపల ఖాతా ఒక్కటీ లేకపోవచ్చు. ఆ సంగతి తెలిసేసరికి పాత ఫోన్ ఎక్స్చేంజ్‌లో వెళ్లిపోయి ఉంటే పని కష్టమవుతుంది.

గూగుల్ ఆథెంటికేటర్‌నే ఉదాహరణగా తీసుకుందాం. ఒకరి పాత ఫోన్‌లో జీమెయిల్, గిట్‌హబ్, షేర్ల ట్రేడింగ్ ఖాతా, మూడింటి కోడ్‌లూ ఉన్నాయనుకుందాం. రెండు ఫోన్లనూ పక్కపక్కన పెట్టుకోవాలి. పాతదాంట్లో యాప్ మెనూలో Transfer accounts, తర్వాత Export accounts నొక్కి, మూడు ఖాతాలనూ ఎంచుకుంటే తెరమీద క్యూఆర్ కోడ్ వస్తుంది. కొత్త ఫోన్‌లో అదే యాప్ వేసి, Transfer accounts లోనే Import accounts ఎంచుకుని ఆ కోడ్‌ను స్కాన్ చేయాలి. ఖాతాలు ఎక్కువగా ఉంటే క్యూఆర్ కోడ్‌లు ఒకటికంటే ఎక్కువ వస్తాయి. మొదటిది స్కాన్ చేసి ఆగిపోతే మిగిలిన ఖాతాలు పాత ఫోన్‌లోనే ఉండిపోతాయి. ఆ క్యూఆర్‌లో ఉన్నవి అసలు కీలే కాబట్టి దాన్ని వేరే ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుకోవడం చాలా ప్రమాదకరం. ఆ ఫొటో ఎవరికి దొరికితే వారి ఫోన్‌లోనూ అవే కోడ్‌లు వస్తాయి.

ఎగుమతి చేసినంత మాత్రాన పాత ఫోన్‌లోని కోడ్‌లు పనిచేయడం మానవు. సరిచూసుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది. ఒకే క్షణంలో ఒకే ఖాతాకు రెండు ఫోన్లలోనూ ఒకే అంకెలు కనిపించాలి. తేడాగా ఉంటే ముందు తేదీ, సమయం ఆటోమేటిక్‌లో ఉన్నాయో లేదో చూడాలి. గడియారం తప్పితే కోడ్ కూడా తప్పుతుంది. అంకెలు కలిసినా అక్కడితో ఊరుకోకుండా, ఒక్కో సైటులో లాగౌట్ అయి కొత్త ఫోన్‌లోని కోడ్‌తో లాగిన్ అయి చూడటం మంచిది.

2023 నుంచి గూగుల్ ఆథెంటికేటర్ కోడ్‌లను గూగుల్ ఖాతాలో కూడా దాస్తోంది. కొత్త ఫోన్‌లో అదే ఖాతాతో యాప్‌లోకి వెళ్తే కోడ్‌లు వాటంతటవే వస్తాయి. ఇందులో ఒక మెలిక ఉంది. ఆ గూగుల్ ఖాతాలోకి వెళ్లడానికే ఆథెంటికేటర్ కోడ్ కావాల్సివస్తే, తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకు తాళం వేసినట్టే అవుతుంది. అలాంటివారు గూగుల్ ఇచ్చే బ్యాకప్ కోడ్‌లను ముందే కాగితంమీద రాసి పెట్టుకోవాలి. అవి ఎనిమిదంకెలవి, ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తుంది. గిట్‌హబ్ కూడా ఇలాంటి రికవరీ కోడ్‌లు ఇస్తుంది.

అన్ని యాప్‌లూ ఒకలా ఉండవు. మైక్రోసాఫ్ట్ ఆథెంటికేటర్‌లో ఆఫీసు ఖాతాలను కొత్త ఫోన్‌లో మళ్లీ నమోదు చేయాల్సి రావచ్చు. ఏ యాప్ అయినా బదిలీ కుదరకపోతే మరో దారి ఉంది. పాత ఫోన్ చేతిలో ఉండగానే సైటులోకి లాగిన్ అయి, భద్రత సెట్టింగ్స్‌లో ఆథెంటికేటర్‌ను తీసేసి, కొత్త ఫోన్‌తో మళ్లీ క్యూఆర్ స్కాన్ చేయాలి. దీనివల్ల కొత్త కీ పుడుతుంది, పాత కీ చెల్లదు. రీసెట్ చేయకుండానే ఫోన్ చేతులు మారినా, పోయినా చేయాల్సింది కూడా ఇదే.

ఇప్పటికే రీసెట్ అయిపోయి, కోడ్‌లు ఎక్కడా దాచుకోనివారికి బ్యాకప్ కోడ్‌లే ఆధారం. అవీ లేకపోతే ఆయా సైట్లకు తామెవరో రుజువు చేసుకోవాలి. కొన్ని సైట్లు రుజువులు చూసి ఖాతా తెరుస్తాయి, కొన్ని తెరవవు. కాబట్టి ప్రతి ఖాతాలోకీ కొత్త ఫోన్ కోడ్‌తో ఒక్కసారైనా లాగిన్ అయ్యాకే పాత ఫోన్‌ను రీసెట్ చేయండి.