సెకనుకు ఒక్కసారి చాలు

2019లో యాపిల్ సిరీస్ 5 వాచీ తెచ్చింది. అంతకు ముందరి మోడల్‌లో చెయ్యి పైకెత్తితేనో, తెర తాకితేనో టైం కనిపించేది. కొత్తదాంట్లో చెయ్యి దించినా తెర ఆరిపోదు, కాస్త మసకబారుతుందంతే. అయినా కంపెనీ చెప్పిన బ్యాటరీ లెక్క మారలేదు: పాతదానిలాగే 18 గంటలు. మసక వెలుగుతో పాటు ఇందులో ఇంకో కిటుకు ఉంది. చెయ్యి దించగానే తెర సెకనుకు 60 సార్లు రిఫ్రెష్ కావడం మానేసి, ఒక్కసారితో సరిపెట్టుకుంటుంది. ఆ వెసులుబాటు ఇచ్చింది ఎల్‌టీపీఓ తెర.

ఫోన్ల సంగతికొస్తే, ఎప్పుడూ 120 హెర్ట్జ్‌లోనే నడిచే తెర సెకనుకు 120 సార్లు రిఫ్రెష్ అవుతుంది. వేలితో పైకి తోస్తున్నప్పుడు అక్షరాలు నున్నగా జారేది అందుకే. కానీ ఒక వార్త తెరిచి, కదపకుండా నిమిషం పాటు చదివితే? అదే బొమ్మను 7,200 సార్లు మళ్లీ మళ్లీ రాస్తుంది. 10 హెర్ట్జ్‌కి దిగితే 600 సార్లు చాలు, 1 హెర్ట్జ్‌కి దిగితే 60 సార్లే.

మరి మామూలు తెర అంత కిందికి ఎందుకు దిగదు?

ఓఎల్‌ఈడీ తెరలో ప్రతి పిక్సెల్ వెనకా ఎంత వెలగాలో గుర్తుపెట్టుకునే చిన్న కెపాసిటర్ ఉంటుంది. దానికి తలుపులా పనిచేసే ట్రాన్సిస్టర్‌ను మామూలుగా పాలీసిలికాన్‌తో చేస్తారు. కరెంటును చురుగ్గా పారించడంలో దానికి తిరుగులేదు గానీ, మూసినా కొంత కారుతుంది. చిల్లుకుండలో నీళ్లలా ఛార్జ్ తగ్గిపోతూ ఉంటే వెలుగు మారి తెర మినుకుమంటుంది. అందుకే వెంటవెంటనే నింపక తప్పదు. ఎల్‌టీపీఓలో పిక్సెల్‌ను వెలిగించే పని పాలీసిలికాన్‌కే వదిలి, ఛార్జ్‌ను కాపలా కాసే ట్రాన్సిస్టర్లను ఆక్సైడ్‌తో చేస్తారు. అది మూసుకుంటే కారేది అత్యల్పం. ఛార్జ్ నిలుస్తుంది కాబట్టి తెర తాపీగా ఉండగలదు.

2020లో గెలాక్సీ నోట్ 20 అల్ట్రాతో ఈ తరహా తెర ఫోన్లలోకి వచ్చింది. గేములకు 120, సినిమాలకు 60, మెయిళ్లకు 30, కదలని బొమ్మలకు 10 హెర్ట్జ్ చొప్పున వేగం మార్చుకుంటూ, అంతకు ముందరి తెరల కన్నా 22 శాతం వరకు కరెంటు ఆదా చేస్తుందని శాంసంగ్ చెప్పింది.

ఆదా అయ్యేది తెరను మళ్లీ మళ్లీ రాసే ఖర్చే. పిక్సెళ్లు వెలగడానికి పట్టే కరెంటు తగ్గదు. ఎండలో బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచినా, గంటల తరబడి 120 హెర్ట్జ్ గేమ్ ఆడినా పెద్ద తేడా ఉండదు.

ఫోన్ కొనేటప్పుడు డబ్బామీద ‘120 హెర్ట్జ్’ అని ఉంటే సరిపోదు. ‘1–120’ లాంటి కింది అంకె కూడా చూసుకోవాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో డెవలపర్ ఆప్షన్లలోని Show refresh rate ఆన్ చేస్తే మూలన ఒక అంకె కనిపిస్తుంది. తెర తాకకుండా కాసేపు వదిలేసినా అది 120 దగ్గరే కదలకుండా ఉంటే, ఆ తెర వేగం తగ్గించుకోవడం లేదన్నమాట.