ముగ్గురు ఆడిటర్లు, నాలుగు ఆసుపత్రులు

టర్నోవర్ 200 కోట్లు దాటిన ప్రైవేటు కంపెనీ తప్పనిసరిగా అంతర్గత ఆడిటర్‌ను పెట్టుకోవాలని 2013 నాటి కంపెనీల చట్టం 138వ సెక్షన్, దాని కింద చేసిన నియమాలు చెబుతున్నాయి. నాలుగైదు ఆసుపత్రులు నడిపే గ్రూపు ఈ గీత దాటడం పెద్ద విషయమేమీ కాదు. అయితే ఆడిటర్ ఉండాలన్న చట్టం ఎంతమంది ఉండాలో చెప్పదు. అందుకే వందల పడకలున్న గ్రూపులో కూడా ఆడిట్ విభాగమంటే తరచూ ముగ్గురో నలుగురో ఉంటారు.

ఏడాది చివర వచ్చే స్టాట్యుటరీ ఆడిటర్ లెక్కలు సరిగ్గా ఉన్నాయా అని చూస్తారు. అంతర్గత ఆడిటర్ పని వేరు. బిల్లింగ్, ఫార్మసీ, కొనుగోళ్లు, ఇన్సూరెన్స్ క్లెయిములు, ఆపరేషన్ థియేటర్ స్టాకు, పేషెంట్ల సమాచార భద్రత రోజూ నడవాల్సిన తీరులో నడుస్తున్నాయా అని ఏడాది పొడవునా పరీక్షించాలి. ముగ్గురితో ఇవన్నీ చూడటం కుదరదు. కాబట్టి వాళ్లు వేసుకునే వార్షిక ఆడిట్ ప్లాన్‌లో ఈ ఏడాది ఏం చూస్తామన్నది ఎంత ముఖ్యమో, ఏం చూడలేమన్నదీ అంతే ముఖ్యం. ఆ రెండో భాగం రాయని ప్లాన్ యాజమాన్యానికి లేని ధైర్యం ఇస్తుంది.

ఒక గ్రూపును ఊహించుకుందాం. హైదరాబాద్‌లో రెండు ఆసుపత్రులు, విజయవాడలో ఒకటి, కరీంనగర్‌లో ఒకటి. ఆడిట్ విభాగంలో హెడ్‌తో కలిపి ముగ్గురు. ఏప్రిల్‌లో మొదలయ్యే సంవత్సరానికి జనవరిలోనే కసరత్తు మొదలుపెట్టారు.

ముందు రోజుల లెక్క

చాలాచోట్ల ముందు ఆడిట్ చేయాల్సిన వాటి జాబితా రాసి, తర్వాత మనుషులను సర్దుతారు. చిన్న టీము అలా చేస్తే అక్టోబరుకల్లా ప్లాన్ చతికిలబడుతుంది. చేతిలో ఎన్ని రోజులున్నాయో ముందు తేల్చుకోవాలి.

ఏడాదిలో ఆదివారాలు, పండుగలు, సెలవులు, శిక్షణ తీసేస్తే మనిషికి సుమారు 270 పనిదినాలు, ముగ్గురికి 810. అందులో ప్లాన్ తయారీ, పర్యవేక్షణ, ఆడిట్ కమిటీ నివేదికలకు 130 పోతాయి. పాత ఆడిట్లలో దొరికిన లోపాలు సరిదిద్దారో లేదో చూడటానికి 80. అనుకోకుండా వచ్చే ఫిర్యాదులు, విచారణలకు 120 అట్టిపెట్టాలి. మిగిలేవి 480. ఒక్కో ఆడిట్‌కు సగటున 40 రోజులు పడుతుందనుకుంటే ఏడాదికి 12 ఆడిట్లు.

ఈ లెక్క వేసేటప్పుడే ఒక పాత అలవాటు బయటపడుతుంది. చాలా ఆసుపత్రుల్లో డిశ్చార్జి బిల్లు పేషెంటు చేతికి వెళ్లే ముందు ఆడిట్ విభాగమే దాన్ని చూసి సంతకం పెడుతుంది. ఇది ఉపయోగపడే పనే, కానీ ఆడిట్ కాదు. అది బిల్లింగ్ విభాగం చేసుకోవాల్సిన తనిఖీ. ఒక మనిషి ఏడాదంతా ఆ బల్ల దగ్గరే కూర్చుంటే 12 ఆడిట్లు ఐదుకు పడిపోతాయి. పైగా తాము సంతకం పెట్టిన బిల్లులను తామే ఆడిట్ చేయాల్సి వస్తుంది. ప్లాన్ వేసే ముందే ఆ పనిని బిల్లింగ్‌కు అప్పగించాలి.

విభాగాలు కాదు, పనులు

తర్వాత ఆడిట్ చేయదగిన వాటన్నిటి జాబితా వేయాలి. ఇక్కడ ఆసుపత్రి పేరు, విభాగం పేరు రాసుకుంటూ పోతే నాలుగు ఆసుపత్రులకు కలిపి వందకు పైగా తేలతాయి. అలా కాకుండా మొదటి నుంచి చివరిదాకా సాగే పనిగా రాసుకోవాలి. అడ్మిషన్ నుంచి క్యాష్‌లెస్ క్లెయిము డబ్బు వచ్చేదాకా ఒకటి. మందు కొనుగోలు నుంచి వార్డులో పేషెంటుకు ఇచ్చేదాకా ఇంకొకటి. లోపాలు ఎక్కువగా ఒక విభాగం నుంచి మరో విభాగానికి పని చేతులు మారే చోటే ఉంటాయి కాబట్టి ఈ పద్ధతిలో అవీ పట్టుబడతాయి. మన గ్రూపుకు ఇలా 36 అంశాలు తేలాయి. ఒక్కో అంశాన్ని నాలుగు చోట్లా కాకుండా, అన్నిటికన్నా పెద్ద ఆసుపత్రిలోనూ కొత్తగా చేరిన దానిలోనూ చూస్తే 40 రోజుల్లో ముగుస్తుంది.

డబ్బు కొలత చాలదు

ఇప్పుడు ప్రతి అంశానికీ ముప్పు మార్కులు వేయాలి. తప్పు జరిగితే దెబ్బ ఎంత అన్నదానికి 1 నుంచి 5, జరిగే అవకాశం ఎంత అన్నదానికి 1 నుంచి 5. రెండూ గుణిస్తే 25లోపు ఒక సంఖ్య వస్తుంది. ఈ టీము 15, ఆపైన వస్తే ఎక్కువ ముప్పు కింద లెక్కవేస్తుంది.

ఆసుపత్రుల్లో ఈ లెక్క ఎక్కువగా దెబ్బ దగ్గరే తప్పుతుంది. ఆడిటర్లు సాధారణంగా అకౌంట్స్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల కన్ను ముందు రూపాయల మీద పడుతుంది. అందుకే దెబ్బను నాలుగు వైపుల నుంచి కొలవాలి: పేషెంటు ప్రాణం, చట్టం, డబ్బు, పేరు. ఆ నాలుగిటికీ సగటు తీయకూడదు, అన్నిటికన్నా పెద్దదాన్నే తీసుకోవాలి.

ఫెంటనిల్, మార్ఫిన్ లాంటి మందులను చూడండి. ఎన్‌డీపీఎస్ చట్టం కింద ప్రతి ఆంప్యూల్‌కూ రిజిస్టరులో లెక్క ఉండాలి. డబ్బు పరంగా వీటి విలువ చాలా తక్కువ, 1 మార్కు. చట్టం వైపు 5, పేషెంటు వైపు 4, పేరు వైపు 4. సగటు 3.5. జరిగే అవకాశం 3 అనుకుంటే 10.5 వచ్చి మధ్యరకంలోకి జారిపోతుంది. పెద్దదాన్ని తీసుకుంటే 5 మూళ్లు 15, ఈ ఏడాదే చూడాల్సినవాటిలోకి వస్తుంది. ఒక ఆంప్యూల్‌లో సగమే వాడితే మిగతాది ఎవరి ఎదుట పారబోశారు, సాక్షి సంతకం ఆ షిఫ్టులో ఉన్న నర్సుదేనా అన్నది రిజిస్టరునూ డ్యూటీ చార్టునూ పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. డ్యూటీలో లేని మనిషి సంతకం కనిపిస్తే, ఆ రిజిస్టరు తర్వాత కూర్చుని నింపారేమోనని అనుమానించాల్సిందే.

అవకాశం దగ్గర ఇంకో తప్పు జరుగుతుంది. “మా దగ్గర అంతా పక్కాగా ఉంది” అని విభాగాధిపతి అనగానే మార్కు తగ్గించేస్తారు. గత రెండేళ్లలో ఎవరైనా పరీక్షించి చూసిన ఆధారం ఉంటేనే తగ్గించాలి, లేకపోతే ఉన్నది ఉన్నట్టే ఉంచాలి. అన్ని అంశాలకూ 9కీ 12కీ మధ్యే మార్కులు పడ్డాయంటే ఎవరూ తేల్చి చెప్పడానికి ఇష్టపడలేదన్నమాట. అప్పుడు మళ్లీ కూర్చోవాలి.

ఇరవై ఎలా పన్నెండయ్యాయి

మన గ్రూపులో 36 అంశాల్లో 8 ఎక్కువ ముప్పువి, 16 మధ్యరకం, 12 తక్కువవి. ఎక్కువ ముప్పువి ఏటా, మధ్యరకం రెండేళ్లకోసారి, తక్కువవి మూడేళ్లకోసారి చూడాలంటే ఈ ఏడాది 8, 8, 4 కలిపి 20 ఆడిట్లు కావాలి. చేయగలిగేవి 12.

మిగిలిన ఎనిమిదిని మూడు రకాలుగా విడదీశారు. ఇన్‌ఫెక్షన్ నియంత్రణ, వైద్య పరికరాల మెయింటెనెన్స్, రేడియేషన్ భద్రతను ఇప్పటికే వేరేవాళ్లు చూస్తున్నారు: క్వాలిటీ విభాగం, ఎన్‌ఏబీహెచ్ అసెస్సర్లు, అణుశక్తి నియంత్రణ మండలి. అదే పనిని ఆడిటర్లు తిరిగి చేయనక్కర్లేదు. అలాగని కళ్లు మూసుకుని నమ్మకూడదు. ఒక్కోదానికి రెండు రోజులు పెట్టి, వాళ్లు ‘సరిచేశాం’ అని రాసిన లోపాల్లో కొన్నిటిని వార్డుకు వెళ్లి చూస్తారు. ఆ ఆరు రోజులు రిజర్వులోంచి తీసుకుంటారు. సైబర్ భద్రత, అగ్నిమాపక భద్రతను బయటి నిపుణులకు ఇచ్చారు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగాక మొదటిదాన్ని వాయిదా వేయడం తగదు, కానీ అకౌంటెంట్లు చేయగలిగిన పనీ కాదు. మిగిలిన మూడు మధ్యరకం అంశాలు వచ్చే ఏడాదికి వాయిదా పడ్డాయి.

ఈ ఎనిమిదీ ఆడిట్ కమిటీ ముందుకు ఒకే పేజీలో వెళ్లాలి. ఏది చూడటం లేదు, ఎందుకు, ఈలోగా ఏం జరిగే ప్రమాదముంది, చూడాలంటే ఎన్ని రోజులు లేదా ఎంత డబ్బు కావాలి అన్నవి అందులో ఉండాలి. 2025 జనవరి నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ అంతర్గత ఆడిట్ ప్రమాణాలు కూడా వనరుల కొరత ప్రభావాన్ని బోర్డుకు చెప్పి తీరాలంటున్నాయి. అప్పుడు కమిటీ ఇంకో మనిషిని ఇవ్వవచ్చు, లేదా ఆ ముప్పును తెలిసి ఒప్పుకోవచ్చు. ఆ నిర్ణయం కమిటీదే కావాలి, ఆడిట్ హెడ్ తన మనసులో తీసుకునేది కాకూడదు.

క్యాథ్‌ల్యాబ్‌లో నలభై రోజులు

ఎంచుకున్న పన్నెండులో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. గుండె స్టెంట్లను చాలా ఆసుపత్రులు ముందుగా కొనవు. సరఫరాదారు రకరకాల సైజుల్లో స్టాకు తెచ్చి క్యాథ్‌ల్యాబ్‌లో ఉంచుతాడు. వాడినదానికే బిల్లు. వాడాక డబ్బా మీది స్టిక్కరును కేస్‌షీట్‌లో అతికిస్తారు, దాని మీద ఆ స్టెంటు నంబరు ఉంటుంది. బిల్లింగ్ పేషెంటు ఖాతాలో వేస్తుంది. స్టోర్స్ సమాచారం పంపితే సరఫరాదారు ఇన్వాయిస్ ఇస్తాడు. ఈ మూడు కాగితాల్లోనూ ఒకే నంబరు ఉండాలి.

ఆడిటర్ రెండు వైపుల నుంచీ వెళ్లాలి. ఇన్వాయిస్ దగ్గర మొదలుపెట్టి కేస్‌షీట్‌కు వెళ్తే, వాడని స్టెంటుకు డబ్బు కట్టామేమో తెలుస్తుంది. కేస్‌షీట్ నుంచి పేషెంటు బిల్లుకు వెళ్తే, వాడినదాన్ని బిల్లులో వేయలేదా, లేక ఒకటి వాడి రెండు వేశారా అన్నది తెలుస్తుంది. ఒకే దిశలో వెళ్తే సగం తప్పులు దొరకవు. 2017 ఫిబ్రవరి నుంచి స్టెంట్ల ధరలకు ఎన్‌పీపీఏ పరిమితి ఉంది కాబట్టి బిల్లు మీది ధరనూ దానితో పోల్చాలి. చివరగా బీరువా తెరిచి స్టాకు లెక్కపెట్టి, గడువు తేదీలు చూడాలి.

అయితే ఆ పేషెంటుకు అసలు స్టెంటు అవసరమా అన్నది ఈ ఆడిట్ తేల్చలేదు. అది వైద్యులే చెప్పాలి. గ్రూపులోని మరో ఆసుపత్రి కార్డియాలజిస్టుతో కొన్ని యాంజియోగ్రామ్‌లు పేర్లు తీసేసి చూపించవచ్చు. అది కుదరకపోతే, ఆ ప్రశ్నను తాము చూడలేదని నివేదికలో స్పష్టంగా రాయాలి.

మూడు నెలలకోసారి

మార్చిలో ఆమోదం పొందిన ప్లాన్ ఏడాదంతా అలాగే ఉండనక్కర్లేదు. ఆగస్టులో విజయవాడ ఆసుపత్రికి కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వస్తే అక్కడ ముప్పు మార్కులన్నీ మారతాయి. పాత డేటా కొత్తదానిలోకి సరిగ్గా వచ్చిందా అన్న ఆడిట్‌ను చేర్చి, తక్కువ ముప్పున్న ఒకదాన్ని తీసేయాలి. ఆ మార్పును కూడా కమిటీ చేత ఆమోదింపజేయాలి.

ప్లాన్ దారి తప్పిందనడానికి గుర్తులు తేలిగ్గానే కనబడతాయి. 120 రోజుల రిజర్వు జులైకే అయిపోతే విచారణలు ఆడిట్లను మింగేస్తున్నట్టు. మూడేళ్లుగా అవే పన్నెండు పేర్లు వస్తుంటే మార్కులు వేయడం మొక్కుబడి అయినట్టు. ఏడాదిలో జరిగిన అతి పెద్ద ఘటన 36 అంశాల్లో ఎక్కడా లేనిదైతే జాబితాయే తప్పు. వచ్చే జనవరిలో కొత్త ప్లాన్ వేసే ముందు ఈ మూడూ చూసుకుని, ‘చూడలేకపోయినవి’ పేజీలో పోయినేడాది రాసిన ఎనిమిదిటినీ ఒక్కొక్కటిగా తీసి మళ్లీ మార్కులు వేయాలి. వరసగా రెండో ఏడాది కూడా వాయిదా పడే అంశానికి కమిటీ నుంచి ప్రత్యేకంగా కారణం రాయించుకోవాలి.